తొమ్మిదో క్లాజులో లేని ఊరు

ఆ రోజు హాసిని మేనమామ హరినాథ్ ఇంట్లో ఉంది. అత్త పద్మావతి, పొలాలకు డ్రిప్ పైపులు చేసే కంపెనీ మనిషి కూడా ఉన్నారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులకు మామను డిస్ట్రిబ్యూటర్‌గా పెట్టుకునే అగ్రిమెంటు బల్ల మీద ఉంది.

"నువ్వు నిదానంగా చదువుతావు గదా పాపా. అన్ని క్లాజుల్లో ఒకే మాదిరి ఉందేమో చూడు" అన్నాడు మామ.

పైపులు, ఫిల్టర్ల పేర్లు అంతటా సరిపోయాయి. రెండో క్లాజులో మూడు ఊళ్లూ ఉన్నాయి. ఆ ఊళ్లలో మామకు తప్ప ఇంకెవరికీ సరుకు ఇవ్వబోమని కంపెనీ రాసిన తొమ్మిదో క్లాజులో మాత్రం పులివెందుల లేదు.

"ఏం టీచరమ్మా, మార్కులెన్ని ఏస్తాండావు?" అని కంపెనీ మనిషి నవ్వాడు. కొత్త మనిషి ముందు తప్పు ఎత్తి చూపడానికి హాసిని సిగ్గుపడింది. బాగుందన్నట్టు తల ఊపింది. మామ సంతకం పెట్టేశాడు.

ఆరు నెలలకు కంపెనీ పులివెందులలో ఇంకొకరికి సరుకు ఇచ్చింది. మామ అక్కడ తెరిచిన అంగడి మూసుకున్నాడు. ఆ సంగతి విని హాసిని మామ ఇంటి గడప దగ్గరికి వెళ్లింది.

"తొమ్మిదో క్లాజులో పులివెందుల లేదని నాకు ఆ పొద్దే కనపడింది మామా."

"నీకు కనపడల్యేదేమోలే, చిన్నపిల్ల అనుకుంటి గదమ్మా" అన్నాడు మామ.

అత్త లేచి వచ్చి, హాసిని మొహం చూడకుండానే తలుపు మూసింది.