జ్వరం లేని సెలవు

మా ఆఫీసులో సెలవు అడగడం ఒకప్పుడు నోటి పని. మేనేజరు హనుమంతు సారు ముందు నిలబడి ఊరికి పోతున్నామంటే ఆయన తలెత్తకుండానే సరేననేవాడు. సాస్తి, మాజ్రి బొగ్గు గనుల దగ్గరున్న సైటు ఆఫీసులను మూసేసి అందరినీ చంద్రపూర్‌లో ఒకే గదిలో కుక్కాక ఆ భోగం పోయింది. ఇప్పుడు నాగపూర్ హెడ్డాఫీసుకు ఇంగ్లీషులో మెయిలు పెట్టాలి. వచ్చే నెల నుంచి ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో తేల్చేది కూడా ఆ నాగపూరే. అందుకే మరాఠీ బడుల్లో చదివొచ్చిన పిల్లలు మెయిలు పంపేముందు నాకు చూపిస్తారు. తిరుపతమ్మక్కకు ఇంగ్లీషు బాగా వచ్చని పేరు. నిజానికి నాకు ఇంగ్లీషు కన్నా కోపం బాగా వచ్చు.

ఆరోజు ఇస్తారి వచ్చాడు. బొగ్గు లారీల తూకం చీటీలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని అతనిది, చేరి ఇంకా ఏడాది కాలేదు. ఊరు రాజురా అవతల, తెలంగాణ సరిహద్దు దగ్గర. మెయిలు చదివితే నవ్వొచ్చింది. వచ్చే శుక్రవారం వెళ్లాల్సిన ఊరికి 'ఐ వెంట్' అని అప్పుడే వెళ్లొచ్చేశాడు. దాన్ని 'ఐ విల్ గో' చేశాను. 'ఓల్డ్ కస్టమ్' ముందు 'యాన్' పెట్టాను. ఇలాంటివే మరో రెండు మూడు. చీర అంచు కుట్టినంత పని, అంతకుమించి ఏమీ లేదు.

నన్ను ఆపింది తప్పులు కాదు, కారణం. వాళ్ల ఊళ్లో పీర్ల పండుగకు పెద్ద పీరును ఎత్తేది వీళ్ల ఇల్లే. ఇన్నేళ్లూ తండ్రి మొండయ్య ఎత్తాడు. ఇప్పుడాయన మోకాలు పోయింది. ఈసారి కొడుకు ఎత్తకపోతే ఆ పీరు ఇంకో ఇంటికి పోతుంది, పోయిందంటే మళ్లీ రాదు. ఇదంతా ఉన్నదున్నట్టు రాశాడు.

నాకు భయం వేసింది. హిందువుల పిల్లాడు మొహర్రానికి సెలవేమిటని నాగపూర్‌లో ఎవరైనా అడిగితే, మా పల్లెల్లో పీర్లను హిందువులూ ఎత్తుతారని వాళ్లకు ఎవరు చెబుతారు? ఉద్యోగాల జాబితా రాసే రోజుల్లో పేరు వాళ్ల కళ్లలో పడడమే చెడ్డ. మా ఆఫీసులో పెళ్లికైనా, పంటకైనా జ్వరమే వస్తుంది. జ్వరాన్ని ఎవరూ ప్రశ్నించరు. అతను చూస్తుండగానే కారణమంతా కొట్టేసి ఒక్క ముక్కలో జ్వరమని టైపు చేశాను.

"అక్కా, తప్పులు దిద్దు, సంగతి మార్చకు," అన్నాడు ఇస్తారి. "పీరు ఎత్తెటోడు ఆ పది రోజులు జూటా మాట చెప్పొద్దు. చెప్పి సెలవు దెచ్చుకుంటే నేను పోయి ఏం ఫాయిద?"

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని కసిరాను. ఉద్యోగం పోతే పీరొచ్చి తిండి పెడుతుందా అని కూడా అన్నాను. అతను అక్కడి నుంచి కదలలేదు. గొంతు పెంచని వాళ్లతో నాకు పోట్లాట చేతకాదు. జ్వరాన్ని తీసేసి అతని మాటలు అతనికి తిరిగి పెట్టి, నా చిన్న దిద్దుబాట్లు మాత్రం ఉంచాను. పంపే మీట అతనే నొక్కాడు.

మూడు రోజులు జవాబు లేదు. ఎవరికి మెయిలు వచ్చినా నేను లేచి వెళ్లి చూశాను. నాలుగో రోజు వచ్చింది. కొత్తవాళ్ల ఖాతాలో సెలవులు లేవు కాబట్టి అడిగిన రెండు రోజులకూ జీతం ఉండదు, వెళ్లి రావచ్చు. కారణం గురించి ఒక్క మాటా లేదు. ఉద్యోగంలో ఉంచుతారో లేదో ఎలాగూ రాయరు. జీతం పోయినా వెలిగిన ఇస్తారి ముఖం చూసి నాకు కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. కాసేపు మాట్లాడి, బాపు నీతోని మాట్లాడుతడట అంటూ ఫోన్ నాకిచ్చాడు. మెయిలు దిద్దింది నేనేనని చెప్పినట్టున్నాడు. మొండయ్య గొంతు నెమ్మదిగా ఉంది. మేలు చేసినవు బిడ్డా అంటాడనుకున్నాను. ఆయన అది అనలేదు.

"బిడ్డా, నాకు ఇంగిలీసు రాదు. సెలవు కోసం పోరడు జరమచ్చిందని గిట్ల రాయలే గద?"

ఇస్తారి నావైపు చూడలేదు, తూకం చీటీలు సర్దుకుంటున్నాడు. జ్వరమన్న మాట టైపు చేసిన వేళ్లతోనే ఫోన్ పట్టుకుని ఉన్నాను.

"లేదు కాకా," అన్నాను. "మీ ఇంటి సంగతి ఉన్నదున్నట్టు రాసిండు."

"అయితె పీరు ఎత్తనియ్యి," అన్నాడు మొండయ్య.