ఎక్కిళ్ళు లెక్కలోకి రావు

మా ఆయన గోడౌనులో సరుకు లెక్క చూస్తారు. ఒక్క పెట్టె తగ్గినా ఆయన కళ్ళుగప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే ఏడో నెల దాటాక ఆసుపత్రి నర్సమ్మ, "రోజూ బిడ్డ బాగా కదిలే వేళ చూసుకుని, ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టుకో. తన్నినా, దొర్లినా ఒకటే. రెండు గంటల్లోపు పది రావాలి" అని నాకు చెబితే, ఆ ఉద్యోగం తనకే ఇచ్చారనుకున్నారు.

మా బిడ్డకు మధ్యాహ్నం నేను తినగానే హుషారు పుట్టుకొచ్చేది. అరగంట తిరక్కుండానే పదీ అయిపోయేవి. తొమ్మిదో నెలలో ఒక ఆదివారం మాత్రం గంట పడుకున్నా మూడే వచ్చాయి. అవీ మొహమాటానికి తట్టినట్టున్నాయి. అత్తగారికి చెప్పాను.

"నెలలు నిండుతున్నాయి కదమ్మా, చోటు చాలక బుద్ధిగా ఉంటుందిలే" అన్నారు అత్తగారు. ఇంత ఇంట్లో తిరుగుతూ కూడా ఆవిడ కొడుక్కి బుద్ధి రాలేదు కదా అనబోయి మింగేశాను.

ఆ కొడుకు వచ్చి, పొట్టమీద చెయ్యివేసి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. ఆపకుండా పదిహేను దాకా వెళ్ళారు.

"చూశావా, పది పోగా మిగులు కూడా ఉంది. హాయిగా పడుకో."

అవి నాకూ తెలుస్తున్నాయి. ఒకే చోట, ఒకే వరసన. నా బిడ్డ తన్నే తీరు అది కాదు. ఆయన మీద ఒళ్ళు మండి ఆసుపత్రికి ఫోన్ చేశాను.

"టక్ టక్‌మని సమంగా వస్తున్నాయా? అవి ఎక్కిళ్ళమ్మా, లెక్కలోకి రావు" అంది నర్సమ్మ. "రోజూ ఉన్నట్టు లేదంటున్నావు కదా, అది చాలు. రెండో గంట కోసం కూర్చోకు, రేపు చూద్దామనుకోకు. ఇప్పుడే వచ్చెయ్. చోటు చాలక కదలికలు తగ్గుతాయని ఎవరైనా అంటే నమ్మకు."

ఫోన్ స్పీకరులో ఉంది. అందరికన్నా ముందు అత్తగారే చెప్పులు వేసుకున్నారు.

ఆసుపత్రిలో పొట్టకు రెండు పట్టీలు కట్టారు. బిడ్డ గుండె చప్పుడు గదంతా వినిపించాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఏడ్చేశాను. ఇంతలో బిడ్డ పట్టీనే ఈడ్చి తన్నింది. యంత్రం గీసిన గీతలు చూసి, స్కాన్ కూడా చేసి, అంతా బాగానే ఉందన్నారు డాక్టరమ్మ.

"అనవసరంగా మీకు శ్రమ ఇచ్చాం" అన్నాను.

"శ్రమేముంది? మళ్ళీ తగ్గిందనిపిస్తే మళ్ళీ రా, ఎన్నిసార్లయినా" అంది నర్సమ్మ.

అత్తగారు ముందు నడుస్తున్నారు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ మధ్యలో ఆగిపోయారు.

"నువ్వు నా మాట విని పడుకుని ఉంటే?"

"వినలేదుగా."

"ఇకమీదట కూడా వినకు" అన్నారు.