ఆదివారం సెలవు ఒక్కరికే

ఆ ఆదివారం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నా దగ్గర పనిచేసే రాయమల్లు, గట్టయ్య చెప్పాపెట్టకుండా ఎవరిదో పెళ్లిలో సన్నాయి, డోలు వాయించడానికి పోయారు. గోదావరిఖనిలో నా సెలూన్‌కు గిరాకీ అంటే ఆదివారమే. బొగ్గుబాయి బందు కనుక కార్మికులంతా ఆ రోజే వస్తారు. మూడు కుర్చీలకు పనివాడు ఇస్హాక్ ఒక్కడే మిగిలేసరికి సగం మంది ఎదురు కొట్టుకు పోయారు.

మంగళవారం ఎవరూ జుట్టు తీయించుకోరు, కొట్టు మూతే. ఆ రోజు పాత క్యాలెండర్ వెనక డ్యూటీ పట్టీ రాశాను. రాత్రి షిఫ్టు దిగినవాళ్ల కోసం పొద్దున ఆరింటికి ఒకరు, మొదటి షిఫ్టు వాళ్ల కోసం మధ్యాహ్నం ఇద్దరు, వారం వారం మార్పు. శుక్రవారం నమాజు వేళ ఇస్హాక్‌ను వదిలేశాను. ఆదివారం అందరూ ఉండాలి. సెలవు కావాలంటే వంతులవారీగా ఒక్కరికే. మొదటి వంతు రాయమల్లుది, తరువాతిది గట్టయ్యది. అద్దం పక్కన అంటించి మీసం దువ్వుకున్నాను.

మర్నాడు రాయమల్లు చదివి ఎగిరి గంతేశాడు. “ఈ ఆదివారం నాదేనా! కమాన్‌పూర్ల మా అక్క బిడ్డ పెండ్లి గారోజే!”

ఇస్హాక్ నురగ కలుపుతూ అడిగాడు. “సన్నాయి సరే. డోలు ఎవరు కొడ్తరు?”

డోలు కొట్టేది గట్టయ్య. రాయమల్లు ముఖం వాడిపోయింది.

“డోలు లేకుంట ఒక్క సన్నాయి ఊదితే ఊరంత నవ్వుతది, నర్సింగన్నా. గట్టయ్యను పంపకుంటే ఈ పనే ఇడిసిపెడ్త.”

“రాసింది రాసిందే!” అని అరిచాను. కానీ రాయమల్లు పోతే గిరాకీలో సగం వాడి వెంట పోతుంది.

“అన్నా, పట్టీల నీ పేరేది?” అన్నాడు ఇస్హాక్.

మూడేళ్లుగా నేను కత్తెర పట్టింది లేదు. సిగ్గేసింది. వెంటనే పట్టీ పీకి మళ్లీ రాశాను. డోలు, సన్నాయి సెలవు జంటగానే. నెలకొక ఆదివారం, నాలుగు రోజుల ముందు చెప్పాలి. ఆ రోజు ఒక కుర్చీ నాది. ముందురోజు శనివారం అందరూ రాత్రి తొమ్మిదింటి దాకా ఉండి, వీలైనంత మందికి క్షవరం చేసేయాలి.

శనివారమే చాలామందికి పని కానిచ్చి మర్నాటి రద్దీ బాగానే తగ్గించాం. అయినా ఆదివారం పొద్దున్నే బెంచీ నిండింది. మొదటి గడ్డానికి పావుగంట పట్టింది. పదో గడ్డానికి హుషారొచ్చింది. “జల్ది కానీ అన్నా!” అని ఇస్హాక్ నన్ను ఉరికిస్తుంటే కొట్టంతా నవ్వులే.

సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ పసుపు మరకల చొక్కాలతో దిగారు. బెంచీ మీద ఇంకా పదకొండు మంది ఉన్నారు.

“గట్టిగ వాయించినమన్నా! మా అక్క ఏడ్వబట్టింది సంబురానికి” అంటూ రాయమల్లు దువ్వెన అందుకున్నాడు.

నాకు కోపం, సంతోషం ఒక్కసారే వచ్చాయి. దువ్వెన లాక్కున్నాను.

“పట్టీ చదువరాదా? ఇయ్యాల మీకు సెలవు. ఇంటికి నడువుండ్రి!”