నాలుగో మేకు

...పోనీ, వాళ్లకు చేతకాలేదు, నాకు చేతనవుతుందేమో?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సులో సమీవుల్లా మనసు ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. ఒళ్లో కొత్త సంచి. పైర్లకు కొట్టే టానిక్కుల కంపెనీ మేనేజరు సాయినాథ్ నిన్న దోసె తినిపించి, ఉద్యోగానికి ఒప్పుకోకముందే ఆ సంచి చేతిలో పెట్టాడు. మునుపటి వాళ్లు వట్టి సోమరులనీ, నీలాంటివాడి కోసమే చూస్తున్నామనీ అన్నాడు. ఇప్పటి పైపుల కంపెనీ కంటే జీతం ఎనిమిది వేలు ఎక్కువ, పైన కమిషను, కార్డు మీద ఏరియా మేనేజర్ అనే పేరు. సాయంత్రంలోగా చెప్పాలి. ఔనంటే, నమ్మకమైన పాత ఉద్యోగం పోయినట్టే.

నెలకు ఆరు లక్షల టార్గెట్. అందులో ఎనభై శాతం దాటితేనే కమిషను, అదీ దుకాణదారులు డబ్బు కట్టాకే. అతనికిచ్చేది ఆళ్లగడ్డ, దొర్నిపాడు, సంజామల. నంద్యాల పెద్ద దుకాణాలు మేనేజరు తన కిందే ఉంచుకున్నాడు. సమీవుల్లాకు లెక్క రాక కాదు. ఏరియా మేనేజర్ అన్నప్పుడల్లా లోపల ఎవరో వీపు నిమిరినట్టుంటుంది, అంతే.

ఆళ్లగడ్డలో ఎరువుల అంగడి కేశవులు అతనికి పాత పరిచయం. టానిక్కు ఎంత పోతుందని అడిగితే, సీజన్లో నెలకు తన అంగట్లో ఎనభై వేలని, ఆ మూడు ఊళ్ల అంగళ్లన్నీ కలిపినా మూడు లక్షలు దాటదని, ఎండాకాలం డబ్బా కదలదని చెప్పాడు. టార్గెట్ మాత్రం పన్నెండు నెలలూ ఒకటే.

అప్పుడు గోడ మీద కళ్లు పడ్డాయి. మేకులకు మూడు సంచులు, అచ్చం తన దానిలాంటివే. ఒకదాంట్లో ఎర్రగడ్డలు, ఒకదాంట్లో శనక్కాయలు. మూడోదాన్ని అప్పుడే కేశవులు భార్య తులసమ్మ కూరగాయలకని దింపుతోంది.

"రెండేండ్లలో ముగ్గురప్పా," అన్నాడు కేశవులు. "పోయేటప్పుడు ఈడ్నే ఇచ్చిపోయినారు. కంపెనీ వాళ్లు అడగనూ లేదు."

"పనిదొంగలా అన్నా?"

"మొదటోడు వానలో సంజామల దాకా బండేసుకుని తిరిగేటోడు. ఒక నెల మా అంగళ్లన్నిట్లో అప్పుకు సరుకు నింపి టార్గెట్ కొట్టినాడు. పై నెలకు దాన్ని ఎనిమిది లక్షలు చేసిరి. మేం దుడ్లు కట్టేలోపలే వాడు పాయె, వాని కమిషనూ పాయె."

ఆ ముగ్గురూ ఇదే బస్సులో, ఒళ్లో ఇదే సంచితో, నేను వేరే అనుకుంటూనే వచ్చుంటారు. సమీవుల్లాకు నవ్వొచ్చింది. తనని తాను మూడుసార్లు చూసినట్టయింది.

అయినా సాయినాథ్‌కు ఫోన్ చేసి, ఎండాకాలం టార్గెట్ తగ్గిస్తారా, నంద్యాలలో రెండు అంగళ్లయినా ఇస్తారా అని అడిగాడు. ధైర్యమున్నవాడు ఇట్లాంటి లెక్కలు వేయడని జవాబొచ్చింది. ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేశాడు.

తులసమ్మ గోడ వైపు చేయి చూపింది. "నాలుగో మేకు కొట్టే పెట్టినా తమ్ముడూ. ఇప్పుడే తగిలిస్తావా, ఆర్నెల్లకొచ్చి తగిలిస్తావా?"

సమీవుల్లా సంచిలోంచి తన టిఫిన్ బాక్సు బయటికి తీసి చంకలో పెట్టుకుని, సంచిని మేకుకు తగిలించాడు.