పెట్టె తెరిపించిన మెయిలు

చెరువు నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటర్లు అమ్మే నెల్లూరు కంపెనీలో ప్రత్యూష కొత్తగా చేరింది. మీటరు కొన్న రొయ్యల రైతులకు దాని వాడకం నేర్పే మెయిళ్లు రాయడం ఆమెకు అప్పగించిన మొదటి పని. చేతికిచ్చిన ట్రైనింగ్ స్లైడ్లను వరసగా కోసి, ఒక్కోదాన్ని ఒక్కో మెయిలు చేసింది. మొదటిది కంపెనీ చరిత్ర.

సేల్స్ చూసే పెంచలకృష్ణ చదివి నవ్వాడు. "మా మాల్యాద్రి మామ మీటరు కొని పెట్టె గూడా తెరవలా. మన కంపెనీ పుట్టుక చదివి తెరుస్తాడా? వాడకపోతే వాపసు తెచ్చిస్తాడు. మిగతా వాళ్లూ అంతే."

ప్రత్యూషకు చిట్టమూరులో రొయ్యలు పెంచే నాన్న గుర్తొచ్చాడు. తెల్లవార్లూ చెరువు కాసి, పొద్దెక్కాక పడుకుంటాడు. తను మెయిలు పంపాలనుకున్నదీ సరిగ్గా అప్పుడే.

స్లైడ్లు మూసేసి మళ్లీ రాసింది. "పెట్టె తెరవండి. సాయంత్రం మేత ట్రే చూసేటప్పుడు మీటరు కొన నీళ్లలో ముంచండి. అంకె నిలిచాక మాకు పంపండి." అంతే. మేత వేళకు కాస్త ముందు అందేలా పెట్టి, మొదట మాల్యాద్రికి పంపింది. అంకె పంపినవాళ్లకే రెండో మెయిలు దానంతటదే వెళ్తుంది.

చీకటి పడకముందే బదులొచ్చింది. "5.8 చూపిస్తా ఉంది. ఇది మంచిదేనా?"

"మామ అడిగినాడే," అన్నాడు పెంచలకృష్ణ, నమ్మలేనట్టు.

ప్రత్యూష రెండో మెయిలు తెరిచి చూపించింది. "సాయంత్రం అంకె ఐదు దాటి ఉంటే మంచిదే. తెల్లవారుజామున మళ్లీ ముంచి చూడండి. నాలుగు కంటే తగ్గితే ఏరేటర్లు వేసి నీళ్లకు గాలి అందించండి."

అది అప్పటికే మాల్యాద్రికి వెళ్లిపోయింది.