తొంభై ఆరు

దీపావళికి ఇంకా పదమూడు రోజులున్నాయి. తమిళనాడులో సాత్తూరుకు పడమట ఉన్న మా బాణసంచా యూనిట్‌లో ఆ వారమే నాకు వల్లియమ్మాళ్ మీద అనుమానం మొదలైంది.

అప్పట్లో నేను అక్కడ ఫోర్‌మన్‌ని. కోవిల్‌పట్టి నుంచి పొద్దున్నే బస్సులో వెళ్లేవాణ్ణి. మందు నింపే పందొమ్మిది గదులూ విడివిడిగా, దూరదూరంగా ఉండేవి. ఒక్కో గదిలో నలుగురు. లోపలికి పోయేముందు అందరూ వాచీలు, పిన్నులు, మెట్టెలు గేటు దగ్గర పెట్టెలో వేసి పోవాలి. నా వాచీ కూడా ఆ పెట్టెలోనే ఉండేది.

మబ్బు పట్టిన రోజుల్లో గేటు దగ్గర ఒకరు నిలబడి పిడుగుల లెక్క చూడాలి. మెరుపు కనబడగానే ఎంచడం మొదలు, ఉరుము వినబడగానే ఆపడం. వెలుగు కన్ను మూసి తెరిచేలోపే వచ్చేస్తుంది. శబ్దానికి మాత్రం ఒక కిలోమీటరు నడవడానికి మూడు సెకన్లు పడుతుంది. ముప్ఫై దాకా ఎంచితే పది కిలోమీటర్లు. ముప్ఫై గానీ అంతకు తక్కువ గానీ వస్తే గంట కొట్టాలి. అందరూ మందు అక్కడే వదిలి, రోడ్డు పక్కన పిడుగు తీగ కట్టిన అన్నాల హాలుకు పోవాలి. చివరి ఉరుము తరువాత అరగంట దాకా ఎవరూ తిరిగి రాకూడదు. ఎంచిన సంఖ్యను గేటు పక్కన నల్లబల్ల మీద సుద్దతో రాయాలి.

ఏళ్ల తరబడి ఆ పని వాచ్‌మన్ చెల్లయ్యది. అతను కంటి ఆపరేషన్‌కు మధురై పోవడంతో మేనేజరు వెంకటసుబ్రమణియన్ మందు నింపే వల్లియమ్మాళ్‌ను అక్కడ నిలబెట్టాడు. మందు దుమ్ముతో ఆమెకు దగ్గు ఎక్కువైంది; గేటు దగ్గర గాలి బాగుంటుందని అన్నాడు. మంచిదే అనుకున్నాను.

మొదటి రోజు సాయంత్రం బల్ల చూశాను. తొంభై ఆరు. ఎనభై తొమ్మిది. డెబ్బై ఎనిమిది.

విరుదునగర్ కాలేజీలో ఫిజిక్స్ చదివినవాణ్ణి. తొంభై ఆరు సెకన్లంటే ముప్ఫై రెండు కిలోమీటర్లు. అంత దూరపు ఉరుము ఎవరికీ వినపడదు. మహా అయితే ఇరవై. ఆ ఉరుము నేను గదుల మధ్య నిలబడి చెవులారా విన్నాను. అలాంటప్పుడు ఆ సంఖ్య ఎక్కడిది?

"ఇది నువ్వు ఎంచిందేనా వల్లియమ్మా?"

"ఇంకెవురు ఎంచతారు సారు? పేయో దెయ్యమో వచ్చి ఎంచతాదా?"

"మెరుపు చూసిన క్షణం నుంచేనా?"

"కండ్లు ఉండాయి సారు నాకు. చెల్లయ్యకే లేవు."

పక్కన పెట్టెలోంచి మెట్టెలు తీసుకుంటున్న కూలి మనిషి పాండిసెల్వి నవ్వింది. నేను నవ్వలేదు. దీపావళి ఆర్డర్లు నెత్తి మీదున్నాయి. ఒకసారి గంట కొడితే పూట పోతుంది. పెద్ద పెద్ద సంఖ్యలు రాస్తే ఎవరికి మేలో నాకు తెలుసు.

మరుసటి రోజు మధ్యాహ్నం మేనేజరు గేటు దగ్గర వంగి వల్లియమ్మాళ్‌తో ఏదో మెల్లగా మాట్లాడుతున్నాడు. నన్ను చూడగానే ఇద్దరూ ఆపేశారు. ఆమె కొంగు సర్దుకుంది. అతను ఆకాశం వైపు చూశాడు. ఆకాశంలో ఏమీ లేదు.

నా భార్య పోయిన తరువాత నేను ఉత్త పెరుగన్నం తెచ్చుకోవడం చూసి, వల్లియమ్మాళ్ రోజూ నా డబ్బా మూత మీద ఇంత నారింజకాయ ఊరగాయ పెట్టేది. ఎప్పుడూ ఏమీ అనేది కాదు, పెట్టి పోయేది. ఆ రోజు దాన్ని మూత మీదే వదిలేశాను. ఆమె మూత చూసింది, నన్ను చూసింది.

"ఉప్పు ఎక్కువైనాదా సారు?"

"ఆకలి లేదు."

"అట్లనా," అని మూత కడిగింది.

గురువారం మూడు గంటలకు పడమటి కొండల మీద నల్లగా లేచింది. పందొమ్మిది గదుల్లోనూ డెబ్బై ఆరు మంది ఉన్నారు. నేను పెట్టెలోంచి వాచీ తీసి వల్లియమ్మాళ్ పక్కన నిలబడ్డాను.

"ఏంది సారు, కావలి కాస్తారా నన్ను?"

"మబ్బును."

"మబ్బు అక్కడ ఉండాది. మీరు నన్ను చూస్తుండారు."

మెరిసింది. నేను సెకన్ల ముల్లు పట్టుకున్నాను. ఆమె పెదవులు కదిలాయి. ఉరిమింది.

"నలభై రెండు," అని సుద్ద అందుకుంది.

నా వాచీలో ఇరవై. దాదాపు ఏడు కిలోమీటర్లు.

"ఎవరు చెప్పమన్నారు నీకు?"

"ఏంది?"

"ఇరవైని నలభై రెండని రాయమని. మేనేజరు నిన్న నీతో ఏం మాట్లాడాడు?"

ఆమె సుద్ద కింద పెట్టింది. ముఖం గట్టిపడింది. "నా కూతురు కలైసెల్వి పుదూరులో నిండు చూలాలు. కబురొస్తే పొమ్మని లీవు ఇచ్చినాడు. ఊరంతా సెప్పద్దు, అందురూ అడగతారన్నాడు. మీకు మాత్రం సెప్పచ్చునేమో, ఊరగాయ తినే మనిషికి."

నేను జవాబు చెప్పేలోగా, గంట వైపు తిరిగేలోగా మళ్లీ మెరిసింది. ఈసారి ముల్లుతో పాటు ఆమె చేతిని కూడా చూశాను. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ గాలిలోంచి ఏదో తీసి, ఎడమచేతి మీద వరుసగా పేర్చుతున్నాయి. అగ్గిపెట్టెల కంపెనీల్లో చట్టం గాడుల్లో పేర్చినట్టు, ఒక్కో అంకెకూ ఒక పుల్ల. ఉరిమింది.

"ముప్ఫై ఒకటి. ముప్ఫైకి ఒకటి ఎక్కువే ఉండాది," అని మొండిగా బల్ల మీద రాసింది.

నా వాచీలో పదిహేను. అయిదు కిలోమీటర్లు. "లెక్క తరువాత, ముందు అందరినీ పంపు," అన్నాను.

ఇద్దరమూ ఆపకుండా గంట కొట్టాం. అంటే నేను కొట్టాను, ఆమె గదుల వైపు కేకలేస్తూ పరుగెత్తింది. ఆడవాళ్లు చేతులు దులుపుకుంటూ హాలుకు పోయారు. అందరూ లోపలికి వచ్చాక తలలు లెక్కపెట్టాను. డెబ్బై ఆరు.

మేనేజరు హాలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "బల్ల మీద ముప్ఫై ఒకటి ఉంది సారు. మీరెట్ల గంట కొట్టినారు? మూడు రోజులుగా చూస్తుండాను, పని ఆపేదానికి మీకు ఏదో సాకు కావాల. ఎవురన్నా చెప్పినారా, పక్క యూనిట్ వాళ్లు?"

అప్పటిదాకా అనుమానించింది నేనొక్కణ్ణే అనుకున్నాను.

"వల్లియమ్మా, అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు పేర్చింది ఎన్నేళ్లు?" అని అడిగాను.

"ఎనిమిదేండ్లప్పుడు పోతిని. పెండ్లి దాకా. ఎందుకు సారు?"

"ఎంచుకుంటూ పేర్చేదానివా?"

"గాడికొకటి పెట్టాల. ఎంచకుంటే ఎట్ల?"

వాచీ మేనేజరు చేతిలో పెట్టాను. ఒక నిమిషం చూడమన్నాను. ఆమెను ఎంచమన్నాను. ఆమె వేళ్లు ఆడుతున్నాయి. మేనేజరు "ఆపు" అన్నప్పుడు ఆమె నూట ఇరవై నాలుగు దగ్గర ఉంది.

"నిమిషానికి అరవై కదా రావాల," అన్నాడు అతను.

"నా సేతికి అంతే వస్తాది," అంది ఆమె.

"అయితే ఆ ముప్ఫై ఒకటి..." అన్నాడతను. కిటికీ తెల్లబడింది. అతని చేతిలో వాచీ ఇంకా ఉంది, కళ్లు దాని మీదే ఉన్నాయి. పెదవులు మెల్లగా కదిలాయి. ఒకటి. రెండు. మూడు. రేకులు అదిరాయి.

మేనేజరు వాచీ నాకు తిరిగి ఇచ్చి, గుమ్మం అవతలి గదుల వైపు చూశాడు. వాటిలో మందు ఉంది, మనుషులు లేరు.

మరుసటి రోజు నుంచి నా వాచీ పెట్టెలో కాక గేటు దగ్గర మేకుకు వేలాడింది. ముల్లు చూడడం వల్లియమ్మాళ్‌కు ఒక పూటలో వచ్చేసింది. నా డబ్బా మూత మీద మాత్రం మూడు రోజులు ఏమీ లేదు. నేను అడగలేదు, అడిగే ముఖం లేదు.

నాలుగో రోజు ఊరగాయ ఉంది. తింటుంటే ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"సారు, ఒకటి అడగతా. ఆ వాచీ సరిగా పోతాదా?"

"ఎందుకు?"

"నిన్న నా లెక్కకీ దానికీ కుదర్లేదు. అది మెల్లగా పోతాదేమో. మీరు చూసినారా, ఎప్పుడైనా?"

చూడలేదు. ఆ సాయంత్రం సాత్తూరు బస్టాండులో దిగి, టీకొట్టు రేడియోలో వార్తల గంటకు వాచీ సరిచూసుకునే ఇంటికి పోయాను.