నాలుగు దగ్గర గీత

కంపెనీలో పనిచేసేవాళ్లకన్నా చేయించేవాళ్లు ఎక్కువయ్యారా అన్నది తేల్చడానికి నాకు మూడు వారాలు ఇచ్చారు. జనం ఆన్‌లైన్లో కొని, నచ్చక తిప్పి పంపే బట్టలు ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ ఊళ్లోని మా వేర్‌హౌస్‌కి వస్తాయి. నాలుగేళ్లలో తొంభై మందిమి నాలుగువందల పన్నెండు మందిమయ్యాం. అందులో తొంభై ఎనిమిది మంది మేనేజర్లు. సగటున ఒక్కొక్కరి కింద నలుగురు. ఎండీ నుంచి చిట్టచివరి మనిషి దాకా ఏడు అంచెలు. మా దగ్గర ఒక హద్దు దాటి జీతం పెంచాలంటే మేనేజర్ని చెయ్యడం తప్ప వేరే దారి లేదు. కాబట్టి వెళ్లిపోతానని బెదిరించిన ప్రతివాడినీ మేనేజర్ని చేసి, కింద ఒకరినో ఇద్దరినో పెట్టారు. నన్నూ అలాగే చేశారు.

డైరెక్టర్ ఫియోనా గీత గీసింది. నేరుగా కింద నలుగురైనా లేని మేనేజర్ పోస్టులు తీసేస్తారు. నేను హెచ్‌ఆర్ సిస్టంలోంచి పట్టిక తీశాను. నలభై ఒక్క పేర్లు గీత కింద పడ్డాయి. నా పేరు ఎదురుగా సరిగ్గా నాలుగు ఉంది. సంతోషించాను, దాచడం ఎందుకు.

జాబితా పైకి పంపేముందు అందులో ఉన్నవాళ్లతో మాట్లాడి సరిచూడాలి. అది నాకు రుచించని పని. వేర్‌హౌస్‌లో షిఫ్ట్ మేనేజర్ కస్తూరి పేరు ఎదురుగా రెండు అని ఉంది. అనంతపురం మనిషి, వీసా ఈ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. ఆ సంగతి తెలిసే వేర్‌హౌస్‌ను చివరికి పెట్టుకుని, ముందు ఆఫీసువాళ్లతో ఫోన్లో మాట్లాడేశాను. వెళ్లేసరికి మధ్యాహ్నం షిఫ్ట్ మారుతోంది. నా ప్రశ్న విని ఆమె కోప్పడలేదు, బట్టలు విడదీసే బెల్టుల దగ్గరికి నన్ను నడిపించింది.

"నీ కాగితంలో ఇద్దరున్నారు గదప్పా. ఈడ లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. పసుపు జాకెట్లు రెండు, నారింజవి ఇరవై రెండు. పసుపువి కంపెనీవాళ్లవి, నారింజ జాకెట్లవాళ్లు ఏజెన్సీ పంపిన మనుషులు. వాళ్ల జీతాలు ఏజెన్సీ ఇస్తుంది కనుక హెచ్‌ఆర్ సిస్టంలో వాళ్ల పేర్లే ఉండవు. ఏ షిఫ్టుకి ఎవరు రావాలో రోటా వేసేదీ, పని నేర్పేదీ, ఆలస్యంగా వస్తే చీవాట్లు పెట్టేదీ కస్తూరే.

"వీళ్లు మనుషులు గాదా మీకు?" అంది.

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ కుర్చీలోంచి లేవకుండా మనుషుల్ని లెక్కపెట్టాను.

మర్నాడు పొద్దున్నే నియమం మార్చి రాశాను. సిస్టంలో ఎవరి పేరు ఉందన్నది కాదు, రోజువారీ పని ఎవరు అప్పగించి ఎవరు చూసుకుంటారో వాళ్లే ఆ మనిషికి మేనేజర్. ఏజెన్సీవాళ్లు రెండువందల ముప్పై మంది పట్టికలోకి వచ్చారు. కస్తూరి ఎదురుగా ఇరవై నాలుగు అయింది. వేర్‌హౌస్‌లో ఆమెలాంటివాళ్లు తొమ్మిది మంది గీత పైకి వచ్చారు. కొవ్వంతా ఆఫీసు వైపే ఉందని అప్పుడు స్పష్టంగా కనబడింది. అక్కడ ఒకరి కింద ఒకరు, ఆ ఒకరి కింద ఇంకొకరు.

నియమం అందరికీ ఒకటే కదా. నా నలుగురిలో మానస ఒక్కతే నేను చెప్పిన పని చేస్తుంది. మిగతా ముగ్గురికీ పని చెప్పేది ఆఫీసులో ఇంకో మేనేజర్ బాపురావు. ఆయనకు తీరిక లేదని వాళ్ల సెలవుల ఆమోదం మాత్రం నా మీద పడేశారు. అందుకే సిస్టం వాళ్లను నా కింద చూపిస్తోంది. కొత్త నియమంతో నా ఎదురుగా మిగిలింది ఒకటి. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. భయమేసింది.

ఫియోనా పట్టిక చూసి, వేర్‌హౌస్ మార్పు వెంటనే ఒప్పుకుంది. నా వరుస దగ్గర ఆగింది. మంచి మనిషి. సెలవులు ఆమోదించేవాళ్లను కూడా మేనేజర్లుగా లెక్కేద్దామని, ఎవరూ అడగరని మెల్లగా అంది. అలా అయితే నాతోపాటు ఆఫీసులో ఇంకో పదకొండు మంది గీత పైకి వస్తారని, ఏడు అంచెలూ ఏడుగానే ఉంటాయని చెప్పాను. ఆమె తల ఊపి, పట్టిక అలాగే ఖాయం చేసింది.

నా బల్ల దగ్గరికి వచ్చి, ఆ ముగ్గురి సెలవుల ఆమోదాన్ని బాపురావు పేరుకు మార్చాను. తర్వాత మానసను పిలిచి, వచ్చే నెల నుంచి తనూ ఆయనకే రిపోర్ట్ చెయ్యాలని చెప్పాను.

"మరి మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారు, అన్నా?" అని అడిగింది.

"ఉద్యోగం ఉంటే చెప్తానమ్మా," అన్నాను.